దుర్గాష్టమి రోజు బిల్లు ఆగిపోయింది: 6,000 బిల్లుల ప్లాన్ ఆరు నెలలకే ఎలా అయిపోయింది?

ప్రశ్న: తెనాలిలో చీరలు, రెడీమేడ్ల కొట్టు మాది. ఏప్రిల్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకున్నాం, ఏడాదికి 6,000 బిల్లుల ప్లాన్. రోజుకు పదిహేను బిల్లులే కదా, బోలెడని డీలరూ అన్నాడు, నేనూ అనుకున్నా. సెప్టెంబర్ 30, దుర్గాష్టమి, మధ్యాహ్నం పన్నెండున్నరకి "Invoice limit reached" అని వచ్చి ఆగిపోయింది. కొట్టు నిండా జనం. డీలర్ ఫోన్ ఎత్తలేదు. పాత చేతి బుక్కులు మూడు తీసి మూడు కౌంటర్లలో దసరా రాత్రి వరకు 267 బిల్లులు రాశాం. వాటిలో ఆరు జీఎస్‌టీ నంబరున్న పార్టీలవి. ఇప్పుడు వీటిని ఏం చెయ్యాలి? సేల్స్ రిజిస్టర్లో చూస్తే 4,100 బిల్లులే ఉన్నాయి, మరి 6,000 ఎలా అయింది? 1,000 బిల్లుల టాప్-అప్ వేసుకోమంటున్నాడు, దీపావళికి అది చాలుతుందా?

సమాధానం:

ముందు చేతి బిల్లుల పని చూడండి. ప్లాన్ రెండు రోజులు ఆగినా ఫరవాలేదు గాని వీటికి గడువుంది. సెప్టెంబర్ 30న రాసినవి అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1లో అక్టోబర్ 11 లోపు చూపించాలి. మీరు మూడు నెలలకోసారి వేసేవారైతే 13 వరకు టైముంది.

చేత్తో రాసిన బిల్లు చెల్లదేమో అన్న భయం పెట్టుకోకండి. బిల్లు కంప్యూటర్లోనే కొట్టాలని జీఎస్‌టీలో ఎక్కడా లేదు. టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్ళు జీఎస్‌టీ నంబరున్న పార్టీలకు ఇ-ఇన్వాయిస్ తీయాలి, వాళ్ళకైతే ఈ చేతి బుక్కు పనికిరాదు. మీరు దానికి లోపలుంటే రూల్ గట్టిగా అడిగేది నంబరు గురించి. బిల్లు నంబర్లు వరసగా ఉండాలి, అదే ఆర్థిక సంవత్సరంలో ఒకే నంబరు రెండుసార్లు రాకూడదు, నంబరు మొత్తం 16 అక్షరాలకు మించకూడదు. ఒకటికి మించి సిరీస్‌లు పెట్టుకోవచ్చు. అంటే కంప్యూటర్ సిరీస్ ఒకటి, చేతి బుక్కులది ఇంకొకటి ఉంటే తప్పేమీ కాదు.

మీకు చిక్కొచ్చేది ఇక్కడే. మూడు బుక్కులు, మూడు కౌంటర్లు అన్నారు. ప్రెస్సులో అచ్చేసే బుక్కులు మామూలుగా ఒక్కోటీ 1 నుంచి 100 దాకా ఉంటాయి. అంటే 37వ నంబరు బిల్లు మీ దగ్గర మూడుసార్లు ఉండొచ్చు. బుక్కు తీసి బిల్లు పైభాగంలో ఎడమవైపో కుడివైపో చూడండి, చాలా బుక్కుల్లో "బుక్ నం." అని వేరే గడి అచ్చయి ఉంటుంది. అందులో 4, 5, 6 అని ఉంటే బతికిపోయారు. ఆ బిల్లు నంబరు 37 కాదు, 4/37 అవుతుంది. 5/37, 6/37 వేరే బిల్లులవుతాయి. అదే వరస రికార్డుల్లోనూ వాడండి. గడి ఖాళీగా వదిలేసి ఉంటే కార్బన్ కాపీల మీద ఇప్పుడు రాసినంత మాత్రాన కొనుగోలుదారు చేతిలో ఉన్న కాగితం మారదు. నంబరున్న ఆ ఆరు పార్టీలకైనా ఫోన్ చేసి, ఏ నంబరుతో చూపిస్తున్నారో చెప్పండి, వాళ్ళ కాపీ తెప్పించి దాని మీదా రాసి సంతకం పెట్టండి. లేకపోతే పోర్టల్ వాళ్ళకి చూపించే కొనుగోళ్ళ జాబితా జీఎస్‌టీఆర్-2బీలో ఒక నంబరు, చేతిలో బిల్లు మీద ఇంకో నంబరు కనిపించి, ట్యాక్స్ క్రెడిట్ తీసుకునేటప్పుడు వాళ్ళ అకౌంటెంట్ మీ మీద పడతాడు.

తర్వాత ప్రతి బుక్కులోనూ సెప్టెంబర్ 30 ఏ నంబరుతో ముగిసిందో చూసి, ఆ బిల్లు కింద పెన్సిల్‌తో గీత కొట్టండి. గీతకు పైన ఉన్నవి సెప్టెంబర్ రిటర్నుకి, కింద ఉన్నవి అక్టోబర్ రిటర్నుకి. హడావుడిలో చాలామంది మూడు రోజులవీ కలిపి ఒకే నెలలో వేసేస్తారు. అమ్మకం మొత్తం సరిపోయినా టేబుల్ 13లో, అంటే ఆ నెలలో ఏ నంబరు నుంచి ఏ నంబరు వరకు బిల్లులిచ్చారో చెప్పే చోట, లెక్క తప్పుతుంది. అక్కడ కంప్యూటర్ సిరీస్ ఒక వరస, బుక్కులు మూడు వరసలు, మొత్తం నాలుగు రావాలి. పాడైన బిల్లులు చింపి పారేయకుండా అడ్డంగా గీత కొట్టి బుక్కులోనే ఉంచారు కదా? అవి క్యాన్సిల్ గడిలోకి వెళ్తాయి.

ఇక సాఫ్ట్‌వేర్లోకి ఎక్కించడం. లిమిట్ పెరగ్గానే కుర్రాడిని కూర్చోబెట్టి 267 బిల్లులూ ఒక్కొక్కటే కొట్టించకండి. అలా చేస్తే మూడు నష్టాలు. కొనుగోలుదారుకి ఇచ్చిన నంబరు ఒకటి, కంప్యూటర్ వేసే నంబరు ఇంకొకటి అవుతుంది. తేదీ మార్చడం మర్చిపోతే సెప్టెంబర్ అమ్మకం అక్టోబర్లో పడుతుంది. పైగా కొత్తగా డబ్బు కట్టి కొన్న లిమిట్‌లోంచి 267 అక్కడికక్కడే పోతాయి. జీఎస్‌టీ నంబరు లేనివాళ్ళకి రాష్ట్రంలోనే అమ్మినవి రిటర్నులో బిల్లువారీగా చూపించక్కర్లేదు, రేటువారీ మొత్తం చాలు. కాబట్టి 261 మామూలు బిల్లులను రోజుకొకటి చొప్పున మూడు ఎంట్రీలుగా వెయ్యండి. ఒక్కో ఎంట్రీలో 5 శాతం సరుకు ఒక మొత్తం, 18 శాతం సరుకు ఒక మొత్తం. ఈ ఎంట్రీలకి కంప్యూటర్ బిల్లుల సిరీస్ వాడకుండా వేరే సిరీస్ తెరవండి, పేరు ఏదైనా పెట్టుకోండి. ఆరు పార్టీ బిల్లులను మాత్రం విడివిడిగా, వాళ్ళకిచ్చిన నంబరుతోనే, జీఎస్‌టీ నంబరు, హెచ్ఎస్ఎన్ నాలుగంకెలు వేసి ఎక్కించండి. మొత్తం తొమ్మిది ఎంట్రీలతో పని అయిపోతుంది. ఒక్క జాగ్రత్త: సాఫ్ట్‌వేర్ నుంచి రిటర్ను ఫైలు తీసినప్పుడు ఆ మూడు రోజువారీ ఎంట్రీలను అది మూడు బిల్లులనుకుని టేబుల్ 13లో వేసేస్తుంది. పోర్టల్లో దాన్ని తీసి, బుక్కుల అసలు నంబర్లు చేత్తో వెయ్యాలి.

స్టాకు ఎలా తగ్గించాలన్నది ఆ మూడు రోజులూ ట్యాగులు ఏం చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. అమ్మిన బట్ట ట్యాగు సగం చింపి డబ్బాలో వేసే అలవాటుంటే పని సులువు. రోజువారీ ఎంట్రీలో ఆ ముక్కల బార్‌కోడ్లు స్కాన్ చేసుకుంటూ పోవడమే. ట్యాగులు బట్టతోపాటే వెళ్ళిపోయి, బిల్లు మీద "చీర 1, షర్టు 2" అని మాత్రమే ఉంటే ఊహించి ఏదో ఒక ఐటమ్ తగ్గించకండి. ఎంట్రీ మొత్తాల వరకే ఉంచి, ర్యాకులు లెక్కపెట్టి స్టాకు సరిచేసుకోవడం మంచిది.

చేతి బిల్లుల్లో ఎక్కువ తప్పులు పన్ను రేటు దగ్గర దొర్లుతాయి. అందుకే మొత్తాలు కట్టే ముందు 2,000 దాటిన ప్రతి రెడీమేడ్ లైనూ మళ్ళీ చూడండి. 2025 సెప్టెంబర్ 22, అంటే నవరాత్రుల మొదటి రోజు నుంచే రేట్లు మారాయి. ఒక్కో రెడీమేడ్ ధర పన్ను కాకుండా 2,500 వరకు 5 శాతం, దాటితే 18. చీర బట్ట కిందికి వస్తుంది కాబట్టి ధర ఎంతైనా 5 శాతమే. కంప్యూటర్ ఇది దానంతటదే చూసుకునేది, చేత్తో రాసే మనిషికి పాత 1,000 రూపాయల గీతే గుర్తుంటుంది. మీ ట్యాగు మీద ధర పన్ను కలిపి ఉంటుంది కదా, 2,600 ట్యాగున్న షర్టు చూసి "2,500 దాటింది" అని 18 వేసేస్తారు. నిజానికి 2,600ని 1.05తో భాగిస్తే 2,476, కాబట్టి 5 శాతమే. అలా ఎక్కువ పన్ను చూపించి వసూలు చేసిన చోట, చూపించినంతా కట్టాల్సిందే. తిరగేసి జరిగితే అది మీ జేబుకి చిల్లు. 3,000 ట్యాగున్న కోటుకి 5 శాతం లెక్కన 143 రూపాయలు పన్ను అని రాసుంటే, 18 శాతం చొప్పున కట్టాల్సింది 458. మిగతా 315 మీరే పెట్టుకోవాలి.

ఇప్పుడు 4,100 ఎలా 6,000 అయిందో చూద్దాం. మీ ప్లాన్ వివరాల్లో "బిల్లులు" అనే మాట పక్కన నక్షత్రం గుర్తు ఉందేమో, కింద చిన్న అక్షరాల్లో "డాక్యుమెంట్లు" అనో "వోచర్లు" అనో "ట్రాన్సాక్షన్లు" అనో ఉందేమో వెతకండి. డీలర్ నోట "బిల్లు" అంటే మీకు అర్థమయ్యేది అమ్మకం బిల్లు. సర్వర్ లెక్కపెట్టేది మాత్రం నంబరు పడిన ప్రతి కాగితాన్నీ. తేడా 1,900. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ ఆఖరు వరకు ఆదివారాలు తీసేస్తే 157 రోజులు. అంటే రోజుకు పన్నెండు కాగితాలు అమ్మకం బిల్లులు కానివి పుట్టాయి.

బట్టల కొట్టులో పన్నెండు ఏ మూలకి? ఒక సైజు మార్పిడి తీసుకోండి. పొద్దున అన్నగారు 40 సైజు షర్టు పట్టుకెళ్ళారు, సాయంత్రం వదినగారు తెచ్చి 42 ఇమ్మన్నారు. ధర అదే, డబ్బు చేతులు మారలేదు. కంప్యూటర్లో మాత్రం 40 వెనక్కి తీసుకున్నట్టు క్రెడిట్ నోటు ఒకటి, 42 అమ్మినట్టు కొత్త బిల్లు ఒకటి. పొద్దున బిల్లుతో కలిపి ఒక్క షర్టుకి మూడు. రోజుకు నలుగురు మార్పిడికి వస్తే నాలుగు క్రెడిట్ నోట్లు పోయాయి. పెళ్ళి బట్టల వాళ్ళు "మొత్తం ఎంతవుతుందో వేసివ్వండి, ఇంట్లో చూపించి వస్తాం" అంటే ఎస్టిమేట్ కొట్టి ఇస్తారు, అవి రోజుకు నాలుగైదు. సరుకు దిగినప్పుడు కొనుగోలు ఎంట్రీ ఒకటో రెండో. పేరు తప్పు పడిందని క్యాన్సిల్ చేసినది ఒకటి, క్యాన్సిల్ చేసినా దాని నంబరు ఖర్చయినట్టే. అక్కడికి పన్నెండు అయిపోయాయి. ఈ లెక్క మీ దగ్గర అచ్చంగా ఇలాగే ఉండకపోవచ్చు. సేల్స్ రిజిస్టర్ ఒక్కటే కాకుండా సేల్స్ రిటర్న్, ఎస్టిమేట్, పర్చేజ్, క్యాన్సిల్ అయినవి, ఐదు రిపోర్టుల్లోనూ ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 అని పెట్టి, ఆఖర్న వచ్చే సంఖ్యలు కాగితం మీద కూడండి. 6,000కి దగ్గరగా వస్తే సాఫ్ట్‌వేర్ ఏవి లెక్కపెడుతోందో తెలిసినట్టే. 4,100లో కూడా దాక్కున్నవి ఉంటాయి. సగం క్యాష్, సగం ఫోన్‌పేలో ఇచ్చినప్పుడు ఒకే బిల్లులో రెండు పేమెంట్లు చూపించే వీలుండగా కౌంటర్లో కుర్రాడు రెండు బిల్లులు కొట్టేస్తుంటాడు. ఏప్రిల్లో నేర్పేటప్పుడు కొట్టిన ఉత్తుత్తి బిల్లులూ అందులోనే ఉంటాయి.

రోజుకు పదిహేను అన్న లెక్క కూడా ఏప్రిల్‌కే నిజం. అదే చొప్పున శ్రావణం వచ్చేదాకా లాగి, శ్రావణంలో ముప్ఫై అయిదనుకుని, మహాలయ పక్షాల్లో పన్నెండుకి దించినా సెప్టెంబర్ 21కి 2,700 అమ్మకం బిల్లులు తేలతాయి. మిగిలిన 1,400 నవరాత్రుల తొమ్మిది రోజుల్లోనే కొట్టారు. ఆరు నెలల అమ్మకం బిల్లుల్లో మూడో వంతు తొమ్మిది రోజులది. బట్టల వ్యాపారంలో "నెలకు సగటున 500" అనే మాట అందుకే పనికిరాదు.

టాప్-అప్ దగ్గరికి వద్దాం. అక్టోబర్ 3 నుంచి 20, దీపావళి వరకు, పండగ ముందురోజు ఆదివారమైనా కొట్టు తెరుస్తారనుకుంటే, మిగతా రెండు ఆదివారాలు పోను పదహారు రోజులు. మొదటి ఎనిమిది మామూలు రోజులనుకుంటే 120 బిల్లులు. తర్వాతి ఎనిమిది రోజుకు వంద చొప్పున 800. వీటి మీద రోజుకు పన్నెండు కాగితాల చొప్పున ఇంకో 190. మొత్తం 1,110. అంటే 1,000 టాప్-అప్ సరిగ్గా దీపావళి ముందురోజు అయిపోతుంది, అష్టమి సీనే మళ్ళీ. ఇక్కడితో ఆగదు. మార్చి 31 వరకు చూస్తే సుమారు 150 రోజులు. అందులో దీపావళి ఎనిమిది రోజులకు 800, సంక్రాంతి పన్నెండు రోజులకు రోజుకు 150 చొప్పున 1,800, మిగతా 130 రోజులకు 1,950. అమ్మకం బిల్లులే 4,550. ఎస్టిమేట్లు కాగితం మీద ఇచ్చి ఇతర కాగితాలను రోజుకు ఏడుకి దించినా ఇంకో 1,050. కార్తీక, మాఘ మాసాల పెళ్ళిళ్ళు నేను విడిగా కలపలేదు, వాటికోసం అయిదో వంతు ఎక్కువ వేసుకుంటే 6,700 దాటుతుంది. ఇంకో పూర్తి ఏడాది ప్లాన్ మిగిలిన ఆరు నెలలకే కావాలన్నమాట. నా లెక్కలో మీరు 1,000 చొప్పున టాప్-అప్‌లు కొనుక్కుంటూ పోవడం దండగ. ఏడు టాప్-అప్‌ల ధర, లిమిట్ లేని ప్లాన్‌కి మారడానికి కట్టాల్సిన తేడా, రెండూ పక్కపక్కన రాసి చూసుకోండి.

డబ్బు కట్టే ముందు డీలర్‌ని నోటితో కాకుండా వాట్సాప్‌లో అడిగి, జవాబు రాతలో తీసుకోండి. లిమిట్ అయిపోతే బిల్లు ఆగిపోతుందా, లేక నడుస్తూ ఎక్కువైన వాటికి డబ్బు పడుతుందా? పండగ రోజున మీకు కావలసింది రెండోది. లెక్క మళ్ళీ సున్నా అయ్యేది ఏప్రిల్ 1నా, ప్లాన్ కొన్న తేదీనా? మిగిలిన టాప్-అప్ తర్వాత ఏడాదికి వస్తుందా, పోతుందా? ఆదివారం మధ్యాహ్నం మీరే యూపీఐతో కట్టి అక్కడికక్కడే తెరుచుకోగలరా, లేక డీలర్ కంప్యూటర్ ముందు కూర్చుంటేగాని తెరుచుకోదా? ఆఖరి ప్రశ్నకి "ఫోన్ చెయ్యండి, చేసేస్తాం" అని వస్తే, దుర్గాష్టమి రోజు ఎత్తని ఫోనే దీపావళికీ ఎత్తరనుకోండి.

పెద్ద ప్లాన్‌కి మారేటప్పుడు జరిగే పొరపాటు ఇంకొకటుంది. కొన్ని చోట్ల ప్లాన్ మార్చడమంటే కొత్త లైసెన్స్, కొత్త డేటా ఫైలు. బిల్లు నంబరు మళ్ళీ 1 నుంచి మొదలవుతుంది. అదే ఆర్థిక సంవత్సరంలో అదే సిరీస్‌లో 1 రెండోసారి వచ్చిందంటే బుక్కుల గొడవే మళ్ళీ కంప్యూటర్లో పెట్టుకున్నట్టు. మారకముందు బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి, ఆఖరి బిల్లు నంబరు ఫొటో తీసుకోండి. మారాక మొదటి బిల్లు కొట్టి, నంబరు దాని తర్వాతదేనా చూడండి. 1 అని వస్తే అక్కడే ఆపి ముందు అక్షరాలు మార్చండి. ఉదాహరణకి ఇప్పటిదాకా `S/25-26/4100` అని ఉంటే కొత్తది `T/25-26/1` చెయ్యండి.

లిమిట్ కలిసొస్తుందని కొందరు చెప్పే చిట్కాల్లో ఒకటి రూల్లోనే ఉంది. 200 రూపాయల లోపు అమ్మకాలకి, అంటే జేబురుమాలు, చీర ఫాల్ లాంటివాటికి, కొన్నవాళ్ళకి జీఎస్‌టీ నంబరు లేకుండా, బిల్లు అడగకుండా ఉంటే విడి బిల్లు అక్కర్లేదు. రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు ఆ రోజువన్నీ కలిపి ఒక్క బిల్లు కొడితే చాలు. అడిగినవాళ్ళకి ఇవ్వాల్సిందే. సైజు మార్పిడిని మాత్రం క్రెడిట్ నోటు లేకుండా పాత బిల్లు దిద్దేసి సరిపెట్టకండి. ఆ పాత బిల్లు పోయిన నెలదై, రిటర్ను వేసేసి ఉంటే, మీ రిజిస్టరూ పోర్టలూ వేర్వేరు అంకెలు చూపిస్తాయి.

చేతి బుక్కులు ఎలాగూ కౌంటర్లో ఉండాలి, కరెంటు పోయినా నెట్ పోయినా అవే దిక్కు. ఈ పాతవి పక్కన పడేసి ప్రెస్సులో కొత్తవి చెప్పండి. జీఎస్‌టీ నంబరు, కొట్టు అడ్రసు, హెచ్ఎస్ఎన్ గడి, సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ విడివిడి గడులు అచ్చయి ఉండాలి. మొదటి కౌంటర్ బుక్కు `M1/001` నుంచి, రెండోది `M2/001` నుంచి, మూడోది `M3/001` నుంచి నంబర్లు ప్రెస్సువాళ్ళే కొట్టివ్వాలి, మీరు చేత్తో రాయకూడదు. అట్ట లోపల "రెడీమేడ్: ట్యాగు 2,625 వరకు 5 శాతం" అని ఒక చీటీ అంటించండి. దానికి పైన, 2,950 లోపు ట్యాగులున్న సరుకు మీ దగ్గరుంటే దాని సంగతి ఆడిటర్‌తో ముందే తేల్చుకోండి. ఆ మధ్య ధరల్లో 5తో విడదీస్తే 2,500 పైన, 18తో విడదీస్తే 2,500 కింద తేలుతుంది. అలాంటి సరుకుకి పన్ను కలపని ధర ట్యాగు మీదే వేసుకోవడం మేలు.